తల మార్చాక మళ్లీ మార్చమంటే

గ్రూప్ ఫొటోలో తొమ్మిది మంది ఉన్నారు. ఎనిమిది మంది చక్కగా వచ్చిన ఫ్రేమ్‌లో వెనక వరసలోని పెద్దాయన కళ్లు మూసుకున్నారు. కాసేపటికే తీసిన ఇంకో ఫ్రేమ్‌లో ఆయన కళ్లు తెరిచి నవ్వుతున్నారు కానీ ముందు వరసలో పాప అటు తిరిగింది. రెండో ఫ్రేమ్‌లోని తలను తెచ్చి మొదటి ఫ్రేమ్‌లో పెట్టడం ఫొటోషాప్ అలవాటున్న వాళ్లకు కష్టమైన పని కాదు. కష్టం మూడు వారాల తర్వాత మొదలవుతుంది. ప్రింటుకు ఇచ్చేముందు ఆయన ఫోన్ చేసి, "బాబూ, ఆ నవ్వు కాస్త బలవంతంగా ఉంది, ఇంకోటి ఏమైనా ఉందా?" అని అడుగుతారు. ఉంది. మధ్యలో తీసిన ఫ్రేమ్‌లో ఆయన ఇంకా బాగా వచ్చారు. ఇప్పుడు ఆ పాత ఫైలు తెరిస్తే ఏం కనిపిస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

మొదట్లో నేను చేసిన పద్ధతిలో కనిపించేది ఒక్కటే లేయర్. లాసోతో తలను చుట్టి కాపీ చేసి, పేస్ట్ చేసి, సైజు సరిచేసి, అంచులు ఎరేజర్‌తో తుడిచి, రంగు కలిపి, చివర్లో అన్నీ కలిపేసి సేవ్ చేసేవాణ్ణి. మళ్లీ మార్చమంటే మొత్తం పని మొదటి నుంచి చేయాల్సిందే. అంతకంటే బాధ ఏమిటంటే, మొదటిసారి సరిగ్గా కుదిరిన రంగు, కాలర్ దగ్గర కుదిరిన అతుకు రెండోసారి అంతే బాగా వస్తాయని నమ్మకం ఉండదు.

లేయర్లు, మాస్కులు, స్మార్ట్ ఆబ్జెక్టులు వాడితే ఈ సమస్య తీరుతుందని అందరూ చెబుతారు. అది సగం నిజం. ఈ మూడూ వాడి కూడా మళ్లీ మార్చడానికి వీల్లేని ఫైలు తయారుచేయొచ్చు. తేడా ఎక్కడ వస్తుందో ఈ ఫొటోతోనే చూద్దాం. అసలు ఫ్రేమ్ నంబరు 4127, తల తీసుకున్నది 4131 నుంచి, తర్వాత అడిగినది 4129. మూడూ ఒకే కెమెరాతో, చేత్తో పట్టుకుని తీసినవి. మూడూ 6000×4000 పిక్సెళ్ల రా ఫైళ్లు.

ముందు స్మార్ట్ ఆబ్జెక్ట్ గురించి. ఇది 2005లో వచ్చిన ఫొటోషాప్ CS2 నుంచి ఉంది. మామూలు లేయర్‌లో పిక్సెళ్లే ఉంటాయి. దాన్ని కాస్త తిప్పితే ఫొటోషాప్ పిక్సెళ్లను కొత్తగా లెక్కకట్టి పాతవాటిని పారేస్తుంది. ఇవాళ తిప్పి, రేపు కాస్త చిన్నది చేసి, ఎల్లుండి మళ్లీ పెద్దది చేస్తే మూడుసార్లు లెక్కకట్టినట్టు, మూడుసార్లు కొంచెం కొంచెం మెత్తబడినట్టు. స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో అసలు ఫైలు లోపల చెక్కుచెదరకుండా ఉంటుంది. బయట ఉండేది "ఇంత తిప్పు, ఇంత పెంచు, ఇక్కడ పెట్టు" అనే సూచన మాత్రమే. సూచన మార్చిన ప్రతిసారీ అసలు పిక్సెళ్ల నుంచే కొత్తగా లెక్క మొదలవుతుంది. ఎన్నాళ్ల తర్వాత Ctrl+T నొక్కినా, అప్పుడు ఎంత శాతం పెంచామో, ఎన్ని డిగ్రీలు తిప్పామో పైన బార్‌లో కనిపిస్తుంది.

చాలామంది పొరపడేది సరిగ్గా ఇక్కడే. 4131లో తలను లాసోతో చుట్టి, కాపీ చేసి, 4127లో పేస్ట్ చేసి, ఆ తర్వాత Convert to Smart Object నొక్కుతారు. లేయర్ మీద స్మార్ట్ ఆబ్జెక్ట్ గుర్తు వస్తుంది, మనసుకు ధైర్యం వస్తుంది. కానీ ఆ పెట్టెలో ఉన్నది లాసోతో కోసిన ముక్క మాత్రమే. కాలర్ కింద ఇంకో పది పిక్సెళ్లు కావాలన్నా అవి అందులో లేవు. పైగా తర్వాత 4129ని పూర్తి ఫ్రేమ్‌గా అందులో పెడితే దాని కొలతలు వేరు కాబట్టి తల ఎక్కడో వెళ్లి పడుతుంది. ఏ లేయర్ అయినా స్మార్ట్ ఆబ్జెక్ట్ అయ్యే సమయానికి తనలో ఏం ఉందో దాన్నే దాచుకుంటుంది, ముందే పోయినవాటిని వెనక్కి తేలేదు.

అందుకని నేను ముక్కను కాదు, పూర్తి ఫ్రేమ్‌ను తెస్తాను. 4127ని కెమెరా రా నుంచి స్మార్ట్ ఆబ్జెక్ట్‌గానే తెరవాలి. Open బటన్ మీద Shift నొక్కి పట్టుకుంటే అది Open Object అవుతుంది. తర్వాత File మెనూలో Place Embedded తో 4131ని మొత్తంగా దాని పైకి తెస్తాను. రా ఫైలు కాబట్టి ముందు కెమెరా రా విండో తెరుచుకుంటుంది. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ 4127కి పెట్టినవే ఇక్కడా పెట్టాలి. రెండు ఫ్రేమ్‌లు ఒకే రకంగా డెవలప్ అయితే తర్వాత రంగు కలిపే పనిలో ముప్పావు వంతు తగ్గిపోతుంది. కొలతలు ఒకటే కాబట్టి 4131 సరిగ్గా 4127ని కప్పేస్తూ కూర్చుంటుంది.

ఇక అమరిక. ఫొటోషాప్‌లో Auto-Align Layers ఉంది కానీ అది స్మార్ట్ ఆబ్జెక్టుల మీద పనిచేయదు. దాని కోసం లేయర్‌ను మామూలు పిక్సెళ్లుగా మార్చడం నాకు ఇష్టం ఉండదు, చేత్తో అమర్చడానికి ఐదు నిమిషాలు చాలు. 4131 లేయర్ బ్లెండ్ మోడ్‌ను Difference కి మారిస్తే, రెండు ఫ్రేమ్‌లు కలిసిన చోట నలుపు కనిపిస్తుంది, కలవని చోట వెలుగు గీతలు కనిపిస్తాయి. ఇక్కడ ముఖాన్ని చూసి అమర్చకూడదు. ముఖం ఎలాగూ వేరే, అందుకే కదా మారుస్తున్నాం. చూడాల్సింది కాలర్‌ను, భుజాలను, ఎందుకంటే అతుకు పడేది అక్కడ. మా పెద్దాయన 4131లో కాస్త ముందుకు వంగారు, అందువల్ల కాలర్ నల్లబడేసరికి లేయర్‌ను 98 శాతానికి తగ్గించి, ఒకటిన్నర డిగ్రీ తిప్పాల్సి వచ్చింది. తర్వాత మోడ్‌ను Normal కి తెచ్చేశాను.

ఇప్పుడు మాస్క్. మళ్లీ మార్చగలమా లేదా అన్నది చాలావరకు తేలేది ఇక్కడే.

మొదట, మాస్క్‌ను 4131 లేయర్‌కి పెట్టను. ఆ లేయర్‌ను Ctrl+G తో ఒక గ్రూప్‌లో పెట్టి, మాస్క్‌ను గ్రూప్‌కి పెడతాను. మాస్క్ అంటే ఒక కిటికీ అనుకోండి. లేయర్‌కే మాస్క్ పెడితే బొమ్మను జరిపినప్పుడు కిటికీ కూడా దాంతో జరుగుతుంది, జరగకూడదనుకుంటే మధ్యలో ఉన్న గొలుసు గుర్తును ప్రతిసారీ తీయాలి. గ్రూప్‌కి పెడితే కిటికీ గోడకు బిగించినట్టు ఉంటుంది. లోపలి బొమ్మను జరపొచ్చు, తిప్పొచ్చు, పూర్తిగా మార్చేయొచ్చు, కిటికీ ఉన్నచోటే ఉంటుంది. రంగు సరిచేసే లేయర్లు కూడా ఆ గ్రూప్‌లోనే పెట్టుకుంటే వాటికి వేరే మాస్కులు అక్కర్లేదు.

రెండోది, ఆ కిటికీ ఆకారం. సహజంగా చేయి కొత్త తల అంచు వెంటే పోతుంది. జుట్టు పోగు పోగునూ వదలకుండా, చెవి వంపు వెంట ఓపిగ్గా గీస్తాం. అలా గీసిన మాస్క్ ఎంత అందంగా ఉన్నా 4131లోని తలకు మాత్రమే సరిపోతుంది. 4129లో ఆయన తల రెండు వేళ్లు ఎడమకు ఉంటే ఆ మాస్క్ అంతా వృథా. దానికి తోడు ఇంకో ఇబ్బంది: కింద ఉన్న పాత తల కొత్త తల వెనక నుంచి బయటికి తొంగి చూస్తుంది, చెవి పక్కన రెండో చెవి కనిపిస్తుంది. అందుకే మాస్క్‌ను తల అంచున కాక, మూడు ఫ్రేమ్‌లలోనూ ఒకేలా ఉండే చోట గీయాలి. పెద్దాయన వెనక ఉన్నది సాదా గోడ. కాబట్టి తలతో పాటు చుట్టూ కొంత గోడను కూడా తెచ్చుకుని, అతుకును గోడ మధ్యలో వేశాను. పాత తల, కొత్త తల రెండూ ఆ కిటికీలో పూర్తిగా ఇమిడిపోయాయి. జుట్టు జోలికే పోలేదు. కింద మాత్రం అతుకు కాలర్ మడత వెంట వెళ్లింది, అక్కడ ఎలాగూ సహజంగా ఒక గీత ఉంది.

గీసేటప్పుడు గ్రూప్‌కి నల్ల మాస్క్ పెట్టి, తెల్ల బ్రష్‌తో కావాల్సినంత తెరుస్తాను. గోడ మీద బ్రష్ Hardness సున్నా, సైజు పెద్దది, అంచు అరవై డెబ్భై పిక్సెళ్ల మేర కరిగిపోవాలి. కాలర్ దగ్గర చిన్న బ్రష్, Hardness 80 దాకా, లేకపోతే బట్ట అంచు పొగలా కనిపిస్తుంది. Properties లో ఉండే Feather మొత్తం మాస్క్‌కి ఒకేసారి పడుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు, గోడకు మెత్తదనం కావాలి, కాలర్‌కు వద్దు. మాస్క్ అసలు ఎలా ఉందో చూడాలంటే దాని బొమ్మ మీద Alt పట్టుకుని క్లిక్ చేయాలి. నల్లటి మధ్యలో మసక బూడిద మచ్చలు ఉంటే బ్రష్ అనుకోకుండా తగిలిన చోట్లు అవి. ఫొటోలో అవి కనిపించకపోయినా, లోపలి బొమ్మ మారిన రోజు నీడల్లా బయటపడతాయి.

వెనక గోడ కాకుండా కిటికీ ఊచలు గానీ పుస్తకాల అర గానీ ఉంటే? చేత్తో పట్టుకుని తీసినప్పుడు కెమెరా కొంచెం పక్కకు జరిగినా ముందున్న మనిషికీ వెనకున్న గీతలకూ మధ్య దూరం మారిపోతుంది. కాలర్‌ను కలిపితే ఊచలు కలవవు, ఊచలు కలిపితే కాలర్ కలవదు. అప్పుడు జుట్టు అంచు వెంట మాస్క్ గీయక తప్పదు, రేపు ఫ్రేమ్ మారిస్తే మాస్క్ కూడా మళ్లీ గీయక తప్పదు. పక్కవాళ్ల భుజం ఆయన తలకు తగులుతున్నా ఇంతే. ఏ సాధనమూ తప్పించలేని పరిమితి ఇది, ఫొటో చూడగానే దీన్ని గుర్తించి గడువు చెప్పడం మంచిది.

రంగు కోసం గ్రూప్ లోపల, 4131 పైన ఒక Curves లేయర్ పెట్టాను. మెడ దగ్గర కొత్త చర్మం రవ్వంత ఎర్రగా ఉంది, ఎర్ర కర్వ్‌ను మధ్యలో కొద్దిగా దించితే సరిపోయింది. ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామందిని ఇబ్బంది పెడుతుంది. కొత్త గ్రూప్ బ్లెండ్ మోడ్ Pass Through గా ఉంటుంది. అంటే లోపలి Curves తన కింద గ్రూప్ బయట ఉన్న లేయర్ల మీద కూడా పనిచేస్తుంది. పరీక్షించడం తేలిక. గ్రూప్ అలాగే ఉంచి 4131 ఒక్కదాని కన్ను గుర్తు ఆపండి. కింద కనిపించే పాత తల రంగు కూడా మారి ఉంటే Curves కిందికి కారుతోందని అర్థం. గ్రూప్ మోడ్‌ను Normal చేస్తే అది లోపలికే పరిమితమవుతుంది.

అన్నీ అయ్యాక కాలర్ ఎడమ అంచున రెండు ఫ్రేమ్‌ల బట్ట మడతలు కలవక చిన్న మెట్టులా కనిపించింది. దీన్ని క్లోన్ స్టాంప్‌తోనే సరిచేయాలి. స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద నేరుగా క్లోన్ చేయబోతే, ముందు రాస్టరైజ్ చేయాలి, చేయనా అని ఫొటోషాప్ అడుగుతుంది. తొందరలో OK నొక్కితే ఇంతసేపు కాపాడుకున్నదంతా ఆ ఒక్క క్లిక్‌తో పోతుంది. దానికి బదులు గ్రూప్ పైన ఒక ఖాళీ లేయర్ పెట్టి, బార్‌లో Sample ను Current & Below కి మార్చి, ఆ ఖాళీ లేయర్ మీద క్లోన్ చేయాలి. All Layers పెట్టకపోవడానికి కారణం ఉంది. పైన మొత్తం ఫొటోకి వేసిన కాంట్రాస్ట్ లేయర్ ఏదైనా ఉంటే, దాని ప్రభావం క్లోన్ చేసిన పిక్సెళ్లలో ఒకసారి, మళ్లీ పైనుంచి ఇంకోసారి పడి, ఆ మచ్చ చుట్టుపక్కల కంటే ముదురుగా తేలుతుంది.

ఖాళీ లేయర్ మీద చేశాం కాబట్టి ఇది కూడా సురక్షితమే అనిపిస్తుంది. తీసేయడానికి సురక్షితమే, కానీ మార్చడానికి కాదు. ఈ ఫైలులో ఉన్నవి రెండు జాతులు. స్మార్ట్ ఆబ్జెక్ట్ కొలతలు, Curves, స్మార్ట్ ఫిల్టర్లు అన్నీ సూచనలు. కింద బొమ్మ మారితే కొత్త బొమ్మ మీద అవే మళ్లీ పనిచేస్తాయి. క్లోన్ లేయర్ సూచన కాదు, అది ఆ రోజు కింద ఏముందో దాని నకలు. 4131లోని కాలర్, ఆ రోజటి Curves రంగుతో సహా, అందులో అచ్చు పడిపోయింది. రేపు ఫ్రేమ్ మార్చినా, Curves ను రవ్వంత కదిపినా, ఆ నకలు పాత రంగులోనే ఉండిపోతుంది. అందుకే నకలు లేయర్లను వీలైనంత తక్కువగా, చివర్లో, అన్నిటికంటే పైన పెడతాను. దానికి ఎర్ర రంగు లేబుల్ ఇచ్చి "కాలర్ అతుకు – 4131 కోసం" అని పేరు రాస్తాను. మూడు వారాల తర్వాత ఫైలు తెరిచిన నాకు ఏది నమ్మాలో, ఏది తీసేయాలో ఆ పేరే చెబుతుంది.

ఫోన్ వచ్చిన రోజుకు వద్దాం. 4129 పెట్టాలి. నేరుగా 4131ని మార్చేయకుండా ముందు గ్రూప్ మొత్తాన్ని డూప్లికేట్ చేసి పాతదాన్ని దాచిపెట్టుకోవాలనుకున్నాను. ఇక్కడ ఒక గుంట ఉంది. Ctrl+J తో తీసిన నకలు గ్రూప్‌లోని స్మార్ట్ ఆబ్జెక్ట్, పాత గ్రూప్‌లోని స్మార్ట్ ఆబ్జెక్ట్, రెండూ లోపల ఒకే ఫైలును పంచుకుంటాయి. ఒకదాంట్లో మారిస్తే దాచిపెట్టుకున్న రెండోదాంట్లో కూడా మారిపోతుంది. దాచుకున్నది దాచుకున్నట్టు ఉండాలంటే, కొత్త గ్రూప్‌లోని లేయర్ మీద రైట్ క్లిక్ చేసి New Smart Object via Copy ఎంచుకుని, పంచుకుంటున్న పాతదాన్ని ఆ గ్రూప్ నుంచి తీసేయాలి. అప్పుడే రెండూ వేరు పడతాయి.

తర్వాత కొత్త లేయర్ మీద రైట్ క్లిక్ చేసి Replace Contents నొక్కి 4129ని చూపించాను. కెమెరా రా విండోలో పాత సెట్టింగులే ఇచ్చాను. ఫ్రేమ్ మారింది, 98 శాతం, ఒకటిన్నర డిగ్రీ అలాగే నిలిచాయి, Curves నిలిచింది, గ్రూప్ మాస్క్ నిలిచింది. తల మాత్రం దాదాపు నలభై పిక్సెళ్లు కుడికి పడింది, మెడ కాస్త వంకరగా ఉంది. అది తప్పు కాదు. నిలిచిన కొలతలు 4131లో ఆయన వంగిన తీరుకు పెట్టినవి, 4129లో ఆయన అంత వంగలేదు. గ్రూప్ మాస్క్‌ను Shift క్లిక్‌తో ఆపి, గ్రూప్ మోడ్‌ను Difference చేసి, లోపలి లేయర్‌ను మాత్రమే ఎంచుకుని Ctrl+T తో కాలర్‌ను మళ్లీ కలిపాను. ఈసారి 99.5 శాతం, తిప్పడం అర డిగ్రీ. అసలు ఫ్రేమ్ నుంచే లెక్క కాబట్టి రెండుసార్లు మార్చినందువల్ల పదును తగ్గలేదు.

గోడ మీద అతుకు ముట్టుకోనక్కర్లేకపోయింది. కాలర్ వెంట మాస్క్‌ను ఒక అంగుళం మేర తిరిగి గీశాను. ఎర్ర లేబుల్ లేయర్‌ను ఆపి, కొత్త ఖాళీ లేయర్ మీద 4129 కోసం వేరే అతుకు వేశాను, ఈసారి మడతలు దగ్గరగా ఉండటంతో నాలుగైదు క్లిక్కులే పట్టాయి. చివర్లో 100 శాతం జూమ్‌లో గ్రూప్ కన్ను గుర్తును ఆన్, ఆఫ్ చేస్తూ చూశాను. ముఖం ఎలాగూ మారుతుంది. మాస్క్ అంచు దాటిన చోట గోడ గానీ చొక్కా గానీ ఏ మాత్రం ఎగిరినట్టు కనిపించినా అమరిక కుదరలేదని అర్థం. ఎగరలేదు.

దీనికి చెల్లించేది ఫైలు సైజు. ఒక్కో స్మార్ట్ ఆబ్జెక్ట్ లోపల పూర్తి రా ఫైలు ఉంటుంది, దాని మీద తయారైన పిక్సెళ్లు వేరే. PSD ఫైలు 2 జీబీ దాటడానికి వీల్లేదు, దాటేలా ఉంటే PSB గా సేవ్ చేయాలి. సైజు తగ్గించుకోవడానికి Place Linked వాడితే ఫ్రేమ్‌లు బయటే ఉంటాయి, ఫైలు చిన్నదవుతుంది కానీ ఫోల్డర్ జరిపినా, పేరు మార్చినా లింకు తెగిపోతుంది. ఒకే లోగోను యాభై డిజైన్లలో వాడేవాళ్లకు లింకు మంచిది. ఇలాంటి ఫొటోకు మాత్రం నేను లోపలే ఉంచుతాను. ఎప్పుడు తిరిగి అడుగుతారో తెలియని పనికి, అసలు ఫ్రేమ్‌లు ఆ ఫైలుతో పాటే ప్రయాణించడం నాకు ముఖ్యం. 4131 గ్రూప్ కూడా కన్ను మూసుకుని, దాని ఎర్ర లేబుల్ అతుకుతో సహా, అదే ఫైలులో ఉంది.